లోగిలికి అతిథులొస్తే మిగిలేదెంత? చెట్టినాడు చెప్పే లెక్క

తమిళనాడులోని శివగంగ, పుదుక్కోట్టై జిల్లాల్లో పరచుకున్న చెట్టినాడులో డెబ్బైకి పైగా ఊళ్లు ఉన్నాయి. వాటిలోని పెద్ద లోగిళ్లను కట్టించింది నాట్టుకోట్టై చెట్టియార్లు, అంటే నగరత్తార్లు. బర్మా, మలయా, సింహళాల్లో వడ్డీ వ్యాపారం చేసి సంపాదించిన డబ్బును 19వ శతాబ్దం రెండో సగం నుంచి 1940ల దాకా సొంతూళ్లలో ఇళ్ల మీద పోశారు. కలప బర్మా టేకు, పాలరాయి ఇటలీది, గోడలకు అతికించిన రంగుల పలకల్లో కొన్ని జపాన్‌వి. 1942లో జపాన్ సేనలు బర్మాను ఆక్రమించడంతో ఆ వ్యాపారానికి పెద్ద దెబ్బ తగిలింది. బర్మాకు స్వాతంత్ర్యం వచ్చాక భూముల జాతీయీకరణతో అక్కడి ఆస్తులు చేజారిపోయాయి. కుటుంబాలు చెన్నైకి, కోయంబత్తూరుకు, విదేశాలకు తరలిపోగా ఇళ్లు మిగిలాయి. 2014లో ఈ ఊళ్ల సముదాయం యునెస్కో ప్రపంచ వారసత్వ తాత్కాలిక జాబితాలో చేరింది. కానీ ఆ జాబితాలో పేరున్నంత మాత్రాన పెంకు ఒక్కటైనా మారదు.

కారైక్కుడిలో 1999లో ‘బంగళా’ అతిథులకు తలుపులు తెరిచాక ఈ ఇళ్లను హోటళ్లుగా మార్చే ఆలోచన ఊపందుకుంది. కానాడుకాత్తాన్‌లో 1930లలో ఓ తండ్రి కూతురి కోసం కట్టించిన ‘విశాలం’, కొత్తమంగళంలో ఇద్దరు ఫ్రెంచ్ వాస్తుశిల్పులు బాగుచేయించిన ‘శారదా విలాస్’, కడియాపట్టిలోని ‘చిదంబర విలాస్’ ఇప్పుడు పర్యాటకులకు తెలిసిన పేర్లు. పాత ఇంటికి డబ్బొస్తే మంచిదే. ఆ డబ్బు కోసం ఇంట్లో ఏం తీసేయాల్సి వస్తోంది, తీసేసినదాన్ని మళ్లీ పెట్టగలమా అన్నవి మాత్రం విడిగా తేల్చుకోవాల్సిన ప్రశ్నలు.

ముందు ఒక అపోహ తొలగాలి. హోటల్ చేస్తే ఇల్లు పాడవుతుందనే వాదన వెనుక, చేయకపోతే ఇల్లు ఉన్నది ఉన్నట్టే ఉంటుందన్న నమ్మకం దాగి ఉంటుంది. అది నిజం కాదు. మనుషులు లేని ఇంట్లో ఒక పెంకు జారితే చూసేవారుండరు. ఆ సందులోంచి దిగిన వాన నీరు వాసాన్ని, తర్వాత దూలం చివరను తడుపుతుంది. తడిసిన చోటికి చెద వస్తుంది. కొన్నేళ్లకు కప్పులో ఒక మూల కూలుతుంది. ఆ స్థితికి వచ్చిన ఇంటికి వారసులందరూ సులువుగా ఒప్పుకునే ధర కలప ధరే. కారైక్కుడి మునీశ్వరన్ కోయిల్ వీధిలోని పాత సామాన్ల దుకాణాల్లో కనిపించే ద్వారబంధాలు, టేకు స్తంభాలు, రంగు అద్దాల కిటికీలు ఏదో ఒక ఇంటివే. అవి నగరాల్లో ఫామ్‌హౌస్‌లకు, రెస్టారెంట్లకు అలంకారాలవుతాయి. కాబట్టి హోటల్‌గా మారిన ఇంటిని పోల్చాల్సింది చెక్కుచెదరని ఇంటితో కాదు, విప్పి అమ్మేసిన ఇంటితో.

అయితే ఈ పోలికను సాకుగా వాడుకుని ఏం చేసినా చెల్లుతుందనడం కూడా కుదరదు. ఎందుకో తెలియాలంటే ఇంటి అమరిక చూడాలి. చెట్టినాడు ఇల్లు తరచుగా ఒక వీధి నుంచి వెనక వీధి దాకా పొడుగ్గా సాగుతుంది. ముందు ఎత్తైన అరుగులు, మగవాళ్లు కూర్చునే సావిడి ఉంటాయి. లోపల ‘వళవు’ అనే మొదటి మండువా, దాని చుట్టూ స్తంభాల వసారా, వసారా వెంట వరుసగా గదులు. పెళ్లయిన ఒక్కో కొడుక్కి ఒక్కో జంట గది. దాని వెనక భోజనాలకు రెండో మండువా, ఆపైన వంటకు మూడోది, చివర బావి, పెరడు.

ఆ వళవు చుట్టూ ఉన్నవి పడకగదులు కావు. చిన్నవి, చాలావాటికి కిటికీలు ఉండవు, తలుపుకు బరువైన తాళం. పెళ్లికి వచ్చిన ఇత్తడి, స్టీలు, వెండి సామాను దాచుకోవడానికి, కొత్త దంపతులకు కాస్త చాటుకు వాడిన గదులవి. ఇంటివాళ్ల బతుకంతా వసారాలో, మండువా చుట్టూ నడిచింది. పిల్లలు, ముసలివాళ్లు అక్కడే పడుకునేవారు. అంటే ఈ ఇంట్లో చోటు బోలెడంత ఉంది కానీ, హోటల్ అతిథి అడిగే తరహా గది దాదాపు లేదు. వెలుతురూ గాలీ ఉన్న పెద్ద పడకగది, దానికి ఆనుకుని స్నానాల గది కావాలంటే రెండు మూడు పాత గదుల మధ్య గోడ కొట్టాలి, బయటి గోడకు కిటికీ తెరవాలి, లేదా పై అంతస్తులోని హాళ్లను అడ్డగోడలతో విడగొట్టాలి. మార్పు వల్ల జరిగే నష్టంలో ఎక్కువ భాగం ఇక్కడే పుడుతుంది.

అన్నిటికంటే పెద్ద చిక్కు నీళ్లు. భారతీయ ప్రమాణాల లెక్కలో హోటల్ పడక ఒక్కదానికి రోజుకు 180 లీటర్లు కావాలి. ఆరు గదుల్లో పన్నెండు మంది దిగితే రెండు వేల లీటర్లు దాటుతుంది. ఆ నీరంతా పైపుల్లో గోడల మీదుగా, నేల కిందుగా పోవాలి. పాత ఇంట్లో నీటికి రెండే దారులుండేవి. కప్పు మీది వాన మండువాలోకి దిగి కాలువలోంచి బయటికి పోయేది, వాడకం నీరు పెరట్లోనే తిరిగేది. గదుల మధ్యకు నీరు రావడమన్నదే లేదు. గదులను ఆనుకుని స్నానాల గదులు పెడితే, ఎన్నడూ తడవని గోడలు ఏడాది పొడుగునా తడిసే ప్రమాదం వస్తుంది.

కింది అంతస్తులో ఈ తడి సున్నపు పూతను తింటుంది. పై అంతస్తులో ఇంకా ప్రమాదకరం. అక్కడి నేల టేకు దూలాల మీద ఇటుకను నిలువుగా పేర్చి సున్నంతో బిగించిన మద్రాసు టెర్రస్ అయితే, స్నానాల గది నేల కింద కారే చుక్క ముందు ఇటుకల్లో ఇంకుతుంది, తర్వాత గోడలో దూరి ఉన్న దూలం చివరకు చేరుతుంది. పైకి ఏమీ కనిపించదు. కింది గదికి ఫాల్స్ సీలింగ్ వేసి ఉంటే ఇక కనిపించే అవకాశమే లేదు. దూలం గోడలో కూర్చున్న చోట సుత్తి పిడితో తట్టి చూస్తే గట్టి చెక్క ఖంగుమంటుంది, పుచ్చింది మొద్దుగా పలుకుతుంది. గోడ అడుగున తెల్లటి ఉప్పు పొంగినా, పూత పొడిలా రాలుతున్నా, చేత్తో తడితే డొల్లగా మోగినా నీరు లోపల తిరుగుతున్నట్టే. మొదటి వర్షాకాలం తర్వాత ఈ పరీక్ష చేయించని యజమానికి అయిదో ఏట వచ్చే బిల్లు వేరేగా ఉంటుంది.

ఈ పూత గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. చెట్టినాడు గోడ నున్నగా, చల్లగా, పాలరాయిలా మెరుస్తూ ఉండడానికి కారణం అనేక పొరల సున్నపు పని. గానుగలో నూరిన సున్నం, సన్న ఇసుక, కరక్కాయ, బెల్లం నీళ్లతో కింది పొరలు వేసి, చివరి పొరకు మెత్తటి సున్నంలో కోడిగుడ్డు తెల్లసొన కలిపి నున్నటి రాయితో గంటల తరబడి రుద్దేవారు. దానికి రంగు అక్కర్లేదు. అందులోని ఇబ్బంది ఏమిటంటే, చివరి పొరను ఒక గోడ ఈ మూల నుంచి ఆ మూల దాకా ఏకబిగిన పూర్తి చేయాలి. మధ్యలో అతుకు వేస్తే అతుకుగానే కనిపిస్తుంది. ఏసీకో స్విచ్‌బోర్డుకో పైపుకో గోడలో గాడి కొడితే, ఆ గాడిని పూడ్చగలరు కానీ ఆ గోడను తిరిగి తేలేరు. అందుకే ఎక్కువమంది కాంట్రాక్టర్లు సిమెంట్‌తో పూడ్చి మొత్తం గోడకు ఎమల్షన్ రంగు కొట్టేస్తారు. సున్నపు గోడ తేమను పీల్చి వదులుతుంది. సిమెంట్, ప్లాస్టిక్ రంగు ఆ దారి మూసేస్తాయి. తేమ పక్కనున్న పాత పూతలోకి మళ్లుతుంది. ఒక గాడి కోసం మొదలైన పని చివరకు గది మొత్తం పూతను మింగడం ఇలాగే జరుగుతుంది.

మండువా మీద పారదర్శకపు షీటు కప్పడం మరో సాధారణ తప్పు. వాన, దోమలు, కోతులు లోపలికి రాకూడదన్నది కారణం, అర్థం చేసుకోదగినదే. కానీ వేడెక్కిన గాలి పైకి పోయి చల్లటి గాలి వసారాలోకి రావడమే ఈ ఇంటి చల్లదనపు రహస్యం. మూత పడితే మండువా వేడిగూడు అవుతుంది, దాంతో గది గదికీ ఏసీ పెట్టాలి, ఏసీకి గాడి కొట్టాలి. దోమలకు సన్నటి వలకప్పు చాలు. అది గాలిని ఆపదు, రేపు విప్పేయొచ్చు.

పోయేవన్నీ ఒకే విలువ కలవి కావు. ఈ తేడా చూడకుండా ‘అసలు కట్టడం’ అని మొత్తాన్ని ఒకే గాటన కట్టడం వల్లనే చర్చ తరచుగా దారి తప్పుతుంది. ఆత్తంగుడి పలకలు గాజు మీద పోసి తయారు చేసే సిమెంట్ పలకలు, బట్టీలో కాల్చరు. ఆ ఊళ్లో ఇప్పటికీ చేతితో చేస్తున్నారు. ఒక గదిలో పది పలకలు పగిలితే దాదాపు అలాంటివే తెచ్చి వేయవచ్చు. పెంకు కూడా అంతే. బర్మా టేకు స్తంభం పోతే దానికి సాటి మరో పాత ఇంటి నుంచి రావాలి, అంటే ఒక ఇంటిని బాగుచేయడానికి ఇంకో ఇల్లు విప్పాలి. జపాన్ పలకలు దాదాపు దొరకవు. సున్నపు పూతకు ముడిసరుకు దొరుకుతుంది, ఆ పని తెలిసిన మేస్త్రీలే తక్కువ. ఈ క్రమం తెలిసిన యజమాని నేల పగిలినా పర్వాలేదనుకుంటాడు, గోడ మీద మాత్రం డ్రిల్ పెట్టనివ్వడు. వాస్తవంలో జరిగేది తరచూ తలకిందులు. నేలను కంటికి రెప్పలా చూసుకుంటారు, ఫొటోల్లో పడేది అదే కాబట్టి. గోడలను మాత్రం ఎలక్ట్రీషియన్‌కు అప్పగిస్తారు.

ఇక రాబడి. కింది అంకెలు ఏ ఒక్క ఇంటివీ కావు, లెక్క నడిచే తీరు తెలియడానికి ఊహించుకున్నవి. ఆరు గదులు, గదికి రాత్రికి 5,000 రూపాయలు, ఏడాది సగటున 30 శాతం గదులు నిండుతాయనుకుందాం. చెట్టినాడులో పర్యాటకుల కాలం చలికాలపు నెలలే, ఎండాకాలం దాదాపు ఖాళీ, కాబట్టి ఈ సగటు నిరాశాజనకమేమీ కాదు. ఏడాదికి 657 గది-రాత్రులు, దాదాపు 33 లక్షలు. జీతాలు, వంట, కరెంటు, బుకింగ్ సైట్ల కమీషన్, పన్నులు కలిపి మూడింట రెండు వంతులు పోతే 11 లక్షలు మిగులుతాయి. కప్పు, కలప మరమ్మతుకు 30 లక్షలు, గదికి 8 లక్షల చొప్పున 48 లక్షలు పెట్టుబడి అనుకుంటే 78 లక్షలు. వడ్డీ పక్కన పెడితే ఏడేళ్లలో తిరిగొస్తుంది. గొప్ప వ్యాపారం కాదు, కానీ ఇల్లు తన కప్పును తాను మోసుకుంటుంది.

ఇప్పుడు గదులను పన్నెండుకు పెంచుదాం. ఊరికి వచ్చే పర్యాటకులు ఆ నిష్పత్తిలో పెరగరు, కాబట్టి నిండే శాతం 22కు తగ్గిందనుకుంటే 964 గది-రాత్రులు, 48 లక్షల రాబడి, అదే నిష్పత్తిలో 16 లక్షల మిగులు. అంటే అదనపు ఆరు గదులు తెచ్చింది 5 లక్షలు. సులువుగా మార్చగల చోట్లు మొదటి ఆరు గదులకే సరిపోయాయి కనుక, ఈ ఆరింటికి గోడలు కొట్టాలి, పై అంతస్తుకు పైపులు ఎక్కించాలి. గదికి 14 లక్షల చొప్పున 84 లక్షలు. అవి తిరిగి రావడానికి దాదాపు పదిహేడేళ్లు. ఇంటికి అన్నిటికంటే ఎక్కువ హాని చేసే గదులే జేబుకు అన్నిటికంటే తక్కువ తెస్తాయన్నమాట. రాబడికీ రక్షణకూ మధ్య వైరం ఉందనుకునేవారు ఈ రెండో విడత గదుల లెక్క వేసి చూడాలి.

ఈ లెక్కకు ఒక పరిమితి ఉంది. జీతానికి మేనేజర్‌ను, వంటవాళ్లను పెట్టే హోటల్ సంస్థకు ఆ ఖర్చు ఆరు గదులైనా పన్నెండైనా పెద్దగా మారదు, కాబట్టి దానికి గదులు ఎక్కువుంటేనే గిట్టుబాటు. ఇంటివాళ్లే ఉండి నడిపితే ఆ ఒత్తిడి లేదు. కేంద్ర పర్యాటక శాఖ హోమ్‌స్టే గుర్తింపుకు యజమాని కుటుంబం ఆ ఇంట్లోనే ఉండాలి, అద్దెకిచ్చే గదులు ఆరుకు మించకూడదు. ఆ ఆరు అనే హద్దు ఏ ఉద్దేశంతో పెట్టినా, ఇంటికి మేలు చేస్తోంది. హెరిటేజ్ హోటల్ వర్గీకరణ వేరు. 1950కి ముందరి కట్టడమై ఉండాలి, విస్తీర్ణంలో కనీసం సగం పాతదై ఉండాలి, ముఖభాగం పెద్దగా మారకూడదు అన్నవి అందులోని ప్రధాన షరతులు. వీధిలోంచి కనిపించేది భద్రంగా ఉంటే చాలన్నట్టుంది. వళవు గోడల మీద గాడి కొట్టినా, పై అంతస్తును గదులుగా కోసినా ముఖభాగం చెక్కుచెదరదు. పరిశీలనకు వచ్చేవారు అడగాల్సిన మొదటి కాగితం ముందు గోడ ఫొటో కాదు, పైపులు వెళ్లే దారి గీసిన ప్లాను.

ఎవరు నడపాలన్న ప్రశ్న దగ్గరే అసలు ముడి పడుతుంది. ఈ ఇళ్లు ఒకరివి కావు. తాతకు నలుగురు కొడుకులుంటే మూడు తరాలకు వాటాదారులు ముప్పై మంది కావచ్చు, వాళ్లు మూడు ఖండాల్లో ఉండొచ్చు. పెళ్లిళ్లు, పూర్వీకులకు పెట్టే ‘పడైప్పు’ ఇప్పటికీ ఆ ఇంట్లోనే జరగాలి. అందుకే తేలిగ్గా అమ్మరు, అందుకే కలిసి పెట్టుబడి కూడా పెట్టరు. ఏడాది దాటిన లీజును రిజిస్టర్ చేయించాలి, దానికి వాటాదారులందరి సంతకాలు కావాలి. అందరినీ దీర్ఘకాలానికి ఒప్పించడం కష్టమని చిన్న లీజులతో సరిపెట్టుకునే చోట ఇల్లే నష్టపోతుంది. అయిదేళ్లకు తీసుకున్నవాడు సున్నపు మేస్త్రీ కోసం నెలలు ఆగడు, సిమెంట్ వేయించి సీజన్‌కు గదులు తెరుస్తాడు. పాతికేళ్లకు తీసుకున్నవాడికి దూలం చివర పుచ్చితే అది తన నష్టమే. లీజు గడువు గోడకు ఏ పూత వేస్తారో నిర్ణయిస్తుందంటే వింతగా ఉన్నా జరిగేది అదే. పూజగది, కుటుంబ వేడుకల రోజులు లీజు నుంచి మినహాయించడం, గోడ కొట్టే పనికి వాటాదారుల ప్రతినిధి రాతపూర్వక అనుమతి, ప్రతి ఏటా ఈశాన్య రుతుపవనాలకు ముందు పెంకు సర్దించడం అన్నవి ఆ పత్రంలో ఉండాల్సిన కనీస షరతులు.

స్నానాల గదుల చిక్కుకు ఉన్నవాటిలో మేలైన దారి, వాటిని నీరు ఎప్పుడూ ఉన్న చోటికే పంపడం. రెండో, మూడో మండువాల చుట్టూ ఉన్న వంట, నిల్వ గదులు ఇప్పుడు ఖాళీ. అక్కడి పూత సాదాది, నేల మురుగు కాలువకు దగ్గర. అతిథి గదులను అటువైపు పెట్టి, వళవునూ దాని చుట్టూ ఉన్న జంట గదులనూ అలాగే వదిలేస్తే పడకగదిలో ఆడంబరం తగ్గుతుంది, కానీ అతిథి చూడ్డానికి వచ్చిన ఇల్లు మిగులుతుంది. తప్పనిసరై పాత గదిలోనే పెట్టాల్సి వస్తే, గోడకు తగలకుండా విడి చట్రం మీద నిలబెట్టి, నేలను తవ్వకుండా ఒక మెట్టు ఎత్తు చేసి, పైపులను బయటికి కనిపించేలా నడపాలి. కంటికి అంత ఇంపుగా ఉండదు. కారితే మాత్రం మర్నాడే తెలుస్తుంది, రేపు విప్పేస్తే గోడ గోడలాగే ఉంటుంది.

గోదావరి జిల్లాల మండువా లోగిళ్లకు ఈ లెక్కను యథాతథంగా అన్వయించలేం. అవి చాలావరకు ఒకే మండువా ఉన్న ఇళ్లు. పెంకుటి కప్పు చెక్క స్తంభాల మీద, వాసాల మీద తేలికగా నిలుస్తుంది, గదులు నాలుగైదు. వెనక్కి నెట్టడానికి రెండో మండువా ఉండదు కాబట్టి, గదికో స్నానాల గది పెడితే లోగిలి మిగలదు. అయితే వాటికి విశాలమైన పెరడు ఉంటుంది. అక్కడ విడిగా స్నానాల గదుల వరుస కట్టి, నాలుగు గదులకు మించకుండా, ఇంటివాళ్లు ఉంటూ నడిపేలా అయితేనే ఈ మార్పు మండువా ఇంటికి పనికొస్తుంది. ఆ షరతులు కుదరని ఇంటిని హోటల్ చేయడం కంటే, వారసులు తలా కొంత వేసుకుని కప్పు బాగుచేయించి, పండగలకూ పెళ్లిళ్లకూ వాడుకోవడమే తక్కువ ఖర్చు, తక్కువ నష్టం.